బెంచ్ రోజులు, ప్రాజెక్టు కేటాయింపు: ఐటీ సర్వీసెస్ ఆఫర్‌ని ఎంచుకునే ముందు ఏం పోల్చి చూడాలి

ఐటీ సర్వీసెస్ కంపెనీ నుంచి ఆఫర్ రాగానే మనం చూసేవి సీటీసీ, ఊరు, జాయినింగ్ డేట్. రెండు ఆఫర్లుంటే ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి తేల్చేస్తాం. కానీ మొదటి ఏడాది ఎలా గడుస్తుందో ఎక్కువగా నిర్ణయించేవి ఆఫర్ లెటర్‌లో కనిపించని రెండు విషయాలు. ప్రాజెక్టు లేనప్పుడు కంపెనీ మిమ్మల్ని ఎన్నాళ్లు ఉంచుకుంటుంది? ఆ ప్రాజెక్టు అసలు మీకు ఎలా వస్తుంది? ఈ రెండూ తెలియకుండా లక్ష, రెండు లక్షల తేడా చూసి కంపెనీ మారిపోయి, రెండు నెలలకే టెన్షన్ పడేవాళ్లు చాలామంది ఉంటున్నారు. అందుకే ఈ ఆఫర్లను ఎలా పోల్చాలో కాస్త వివరంగా రాస్తున్నాను. ఇది ముఖ్యంగా మూడు నుంచి పదేళ్ల అనుభవం ఉన్నవాళ్ల కోసం. ఫ్రెషర్ల సంగతి వేరు, దాని గురించి చివర్లో చెప్తాను.

35 రోజులంటే ఎంత

బెంచ్ అనేది ఎప్పటినుంచో ఉన్నదే. కొత్త ప్రాజెక్టు వస్తే వెంటనే పంపడానికి కొంతమందిని ఖాళీగా ఉంచుకోవడం సర్వీసెస్ కంపెనీలకు అవసరం. ఇన్ఫోసిస్ ప్రతి మూడు నెలలకూ విడుదల చేసే లెక్కల్లో యుటిలైజేషన్ అనే అంకె ఉంటుంది. ట్రైనీలను పక్కన పెడితే అది కొన్నేళ్లుగా 85 శాతం చుట్టూ తిరుగుతోంది. అంటే వందమందిలో సుమారు పదిహేను మంది పనికి క్లయింట్ నుంచి డబ్బు రావడం లేదన్నమాట. వాళ్లందరూ ఉద్యోగం పోయే స్థితిలో ఉన్నారని కాదు. కొందరు రెండు ప్రాజెక్టుల మధ్యలో ఉంటారు, కొందరు వచ్చే నెల మొదలయ్యే పని కోసం ఆగి ఉంటారు.

మారిందేమిటంటే, ఆ ఖాళీకి ఇప్పుడు గడువు పడుతోంది. అందరికీ తెలిసిన ఉదాహరణ టీసీఎస్. 2025 జూన్ 12 నుంచి అమల్లోకి వచ్చిన వాళ్ల పాలసీ ప్రకారం ఒక ఉద్యోగి ఏడాదిలో కనీసం 225 పనిదినాలు బిల్లింగ్‌లో ఉండాలి, ప్రాజెక్టు లేని కాలం 35 పనిదినాలు దాటకూడదు. బెంచ్ మీద ఉన్నప్పుడు ఆఫీసుకు రావాలి, రోజుకు నాలుగు నుంచి ఆరు గంటలు నేర్చుకోవడానికి కేటాయించాలి, ప్రాజెక్టు కోసం ఆర్ఎంజీతో తానే మాట్లాడుకుంటూ ఉండాలి. ఆర్ఎంజీ అంటే మనుషులను ప్రాజెక్టులకు కేటాయించే రిసోర్స్ మేనేజ్‌మెంట్ గ్రూప్. ఎక్కువ కాలం ఖాళీగా ఉంటే జీతం మీద, ఎదుగుదల మీద, విదేశీ అవకాశాల మీద, చివరికి ఉద్యోగం కొనసాగడం మీద కూడా ప్రభావం ఉంటుందని ఆ పాలసీ చెప్పింది. అదే ఏడాది జూలైలో కంపెనీ తన సిబ్బందిలో రెండు శాతం, అంటే సుమారు 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించింది. వాళ్లలో ఎక్కువమంది మధ్య, పై స్థాయిల వాళ్లేనని కూడా చెప్పింది.

ఆ అంకెలను ఒకసారి కూడి చూడండి. ఏడాదికి 52 వారాలు, వారానికి ఐదు రోజులు, మొత్తం 260. 225కి 35 కలిపినా 260 అవుతుంది. అంటే పండగ సెలవులకూ మీ సొంత సెలవులకూ ఈ కూడికలో విడిగా చోటు కనిపించదు. ఏ కంపెనీలోనైనా ఇలాంటి గడువు ఉందని తెలిస్తే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: సెలవు రోజులను ఎటువైపు లెక్కిస్తారు? రెండో ప్రశ్న, ఆ 35 రోజులు ఒకేసారి వచ్చే ఖాళీకా, లేక ఏడాది మొత్తానికా? ఏడాది మొత్తానికైతే ఒక్కోసారి ఇరవై రోజుల చొప్పున రెండు ఖాళీలు వచ్చినా గడువు దాటిపోతుంది. మూడోది, కొత్తగా చేరినవాళ్లకు లెక్క ఏ రోజు మొదలవుతుంది? చేరిన రోజా, ఇండక్షన్ పూర్తయిన రోజా?

35 పనిదినాలంటే సరిగ్గా ఏడు వారాలు. ఆ ఏడు వారాల్లో జరగాల్సిన పనులు ఎన్నున్నాయో తెలిస్తే ఈ గడువు ఎంత ఇరుకో అర్థమవుతుంది.

ప్రాజెక్టు మీ దాకా వచ్చే దారి

క్లయింట్ దగ్గర పని ఖాయమయ్యాక ప్రాజెక్టు మేనేజర్ కంపెనీ పోర్టల్‌లో ఒక డిమాండ్ పెడతాడు. ఏ స్కిల్, ఎన్నేళ్ల అనుభవం, ఏ గ్రేడ్, ఏ ఊరు, ఏ తేదీకి కావాలి అన్నవి అందులో ఉంటాయి. ఆర్ఎంజీ బెంచ్ జాబితాలోంచి సరిపోయే ప్రొఫైళ్లు పంపుతుంది. మేనేజర్ తరఫున ఒకరు ఇంటర్నల్ ఇంటర్వ్యూ చేస్తారు. చాలా అకౌంట్లలో ఆ తర్వాత క్లయింట్ ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. అది పాసయితే మిమ్మల్ని ఆ ప్రాజెక్టుకు బ్లాక్ చేస్తారు. తర్వాత క్లయింట్ వైపు బ్యాక్‌గ్రౌండ్ చెక్, లాగిన్ యాక్సెస్, ఒక్కోసారి క్లయింట్ ల్యాప్‌టాప్. ఇవన్నీ అయ్యాకే బిల్లింగ్ మొదలవుతుంది.

కొత్తగా చేరిన మనిషికి మొదటి వారం ఇండక్షన్‌కీ సిస్టమ్ రావడానికీ పోతుంది. రెండో వారంలో ఆర్ఎంజీ నుంచి పిలుపు, మూడో వారంలో ఇంటర్నల్ ఇంటర్వ్యూ, నాలుగు లేదా అయిదో వారంలో క్లయింట్ ఇంటర్వ్యూ, మరో రెండు వారాలు చెకింగ్, యాక్సెస్. మొదటి ప్రయత్నంలోనే ఎంపికైనా ఏడో వారం వచ్చేస్తుంది. క్లయింట్ ఒక్కసారి కాదన్నాడంటే మళ్లీ మూడో వారం దగ్గరి నుంచి మొదలు. అందుకే బ్లాక్ అయిన రోజు నుంచి బెంచ్ లెక్క ఆగుతుందా, లేక బిల్లింగ్ మొదలయ్యేదాకా నడుస్తూనే ఉంటుందా అన్నది చిన్న ప్రశ్న కాదు.

ఇక్కడ ఎక్కువమంది గమనించని సంగతి షాడో. ప్రాజెక్టులో పేరుంటుంది, మీటింగులుంటాయి, రాత్రి దాకా పని కూడా ఉంటుంది, కానీ మీ పేరు మీద క్లయింట్ డబ్బు కట్టడు. వెళ్లిపోబోతున్న మనిషి పని నేర్చుకోవడానికో, అదనపు భద్రత కోసమో మేనేజర్ ఇలా పెట్టుకుంటాడు. ఆరు వారాల షాడో తర్వాత బిల్లింగ్ వస్తే మంచిదే. రాకపోతే మీరు గొడ్డుచాకిరీ చేసినా బిల్లింగ్ రోజుల లెక్కలో అది సున్నా. ప్రాజెక్టు ఉందని చెప్పగానే సంతోషపడకుండా, అది బిల్లబుల్ పొజిషనా, అయితే ఏ తేదీ నుంచి అని అడగడం అందుకే.

కేటాయింపు ఆగిపోయే కారణాల్లో అన్నిటికన్నా సాధారణమైనది ఊరు. మీరు హైదరాబాద్‌లో ఉంటారు, డిమాండ్ పుణెలోనో చెన్నైలోనో ఉంటుంది. ఆఫర్ లెటర్‌లో దేశంలో ఎక్కడికైనా పంపవచ్చనే వాక్యం మామూలుగా ఉంటుంది, కాబట్టి మీరు కాదంటే అది ప్రాజెక్టు తిరస్కరించినట్టుగా నమోదవుతుంది. రెండోది, ప్రొఫైల్‌లో ప్రైమరీ స్కిల్ తప్పుగా పడటం. జావాతో పాటు కొంచెం ప్రొడక్షన్ సపోర్ట్ కూడా చేశానని రెజ్యూమేలో రాస్తే, సిస్టమ్‌లో సపోర్ట్ కింద నమోదై రాత్రి షిఫ్టుల డిమాండ్లే వస్తుంటాయి. చేరిన మొదటి వారంలోనే ఆ పేజీ తెరిచి చూసుకోవాలి. మూడోది గ్రేడ్. మీ జీతం, హోదా ఎక్కువైతే క్లయింట్ ఇచ్చే రేటులో మీరు ఇమడరు. పదేళ్లు దాటినవాళ్లు బెంచ్ మీద ఎక్కువకాలం ఉండిపోవడానికి తరచుగా కారణం ఇదే, వాళ్లకు పని తెలియకపోవడం కాదు.

మూడు రకాల ఆఫర్లు

బయటికి అన్నీ ఒకేలా కనిపించినా, లోపల ఆఫర్లు మూడు రకాలు.

మొదటిది పూల్ ఆఫర్. రాబోయే రెండు, మూడు త్రైమాసికాల్లో ఈ స్కిల్ అవసరమవుతుందని అంచనా వేసి కంపెనీ ముందే మనుషులను తీసుకుంటుంది. శనివారం వాక్ఇన్ డ్రైవ్ పెట్టి ఒకే రోజు మూడు రౌండ్లు పూర్తి చేసి, ఏ అకౌంటో చెప్పకుండా ఆఫర్ ఇచ్చారంటే అది చాలావరకు ఇదే.

రెండోది డిమాండ్ ఆఫర్. ఫలానా అకౌంట్లో ఫలానా పొజిషన్ ఖాళీగా ఉంది, దానికోసమే మిమ్మల్ని తీసుకుంటున్నారు. ఇంటర్వ్యూలో ఆ ప్రాజెక్టు మేనేజర్ స్వయంగా కూర్చుంటాడు, ప్రశ్నలు వాళ్ల పని చుట్టూ తిరుగుతాయి, కొన్నిసార్లు క్లయింట్ రౌండ్ కూడా చేరడానికి ముందే అయిపోతుంది. దీనిలో ఒక లొసుగు ఉంది. మన పెద్ద కంపెనీల్లో ఎక్కువవాటికి నోటీస్ పీరియడ్ 90 రోజులు. క్లయింట్ అవసరం మాత్రం మూడు నెలలు ఆగదు. మీరు నోటీస్ పూర్తి చేసేలోపు ఆ సీటును బెంచ్‌లో ఉన్న ఇంకొకరితో నింపేస్తే, మీరు డిమాండ్ ఆఫర్ మీద వచ్చి పూల్‌లో చేరినట్టవుతుంది. కాబట్టి చేరడానికి నెల ముందు ఒకసారి, వారం ముందు ఇంకోసారి ఇంటర్వ్యూ చేసిన మేనేజర్‌కో రిక్రూటర్‌కో మెయిల్ పెట్టి ఆ పొజిషన్ ఇంకా ఉందా అని కనుక్కోవాలి. సమాధానం గుండ్రంగా, అకౌంట్ పేరు లేకుండా వస్తే సీటు పోయిందనే అనుకోవచ్చు.

మూడోది కాంట్రాక్ట్ టు హైర్. జీతం ఒక వెండార్ ఇస్తాడు, పని పెద్ద కంపెనీలో. ఇక్కడ బెంచ్ అన్నదే ఉండదు. ప్రాజెక్టు ఆగిన రోజున కాంట్రాక్ట్‌లో రాసిన నోటీస్ మొదలవుతుంది, అంతే. చేతికొచ్చే డబ్బు ఎక్కువగా ఉండేది ఆ ప్రమాదానికి పరిహారంగానే.

ఒక ఉదాహరణ లెక్క

హైదరాబాద్‌లో ఐదేళ్ల జావా అనుభవం ఉన్న ఒకరికి మూడు ఆఫర్లు వచ్చాయనుకుందాం. పెద్ద కంపెనీ పూల్ ఆఫర్ 16 లక్షలు, అందులో పది శాతం వేరియబుల్, బెంచ్ గడువు 35 రోజులు, ఊరు ఎక్కడైనా. మధ్యస్థాయి కంపెనీ డిమాండ్ ఆఫర్ 14 లక్షలు, వేరియబుల్ ఐదు శాతం, హైదరాబాద్‌లోనే బ్యాంకింగ్ అకౌంట్, క్లయింట్ రౌండ్ అయిపోయింది. మూడోది వెండార్ ద్వారా కాంట్రాక్ట్, 19 లక్షలు, నోటీస్ 30 రోజులు.

మొదటి రెంటి మధ్య రెండు లక్షల తేడా కనిపిస్తోంది. వేరియబుల్ తీసేస్తే మొదటిదానిలో ఖాయంగా వచ్చేది 14.4 లక్షలు, రెండోదానిలో 13.3 లక్షలు. నెలకు చూస్తే 1.2 లక్షలకీ 1.11 లక్షలకీ మధ్య, పన్నులు, పీఎఫ్ పోకముందు, తొమ్మిది వేల రూపాయల తేడా. వేరియబుల్ మీ బిల్లింగ్‌తోనో యూనిట్ ఫలితాలతోనో ముడిపడి ఉంటే, రెండు నెలలు బెంచ్ మీద ఉన్న ఏడాదిలో అది పూర్తిగా వస్తుందని అనుకోలేం. పుణెకు వెళ్లాల్సి వస్తే అద్దె, అడ్వాన్స్, రాకపోకల ఖర్చు ఆ తొమ్మిది వేలను సులభంగా మింగేస్తుంది. ఈ మనిషికి నేనైతే రెండో ఆఫరే చెప్తాను. తేడా 20, 25 శాతం ఉండి, తన స్కిల్‌కు ఆ కంపెనీలో డిమాండ్ గట్టిగా ఉందని లోపలివాళ్ల ద్వారా తెలిస్తే మొదటిది కూడా ఆలోచించదగ్గదే.

మూడోదాని లెక్క వేరు. నెలకు 1.58 లక్షలు. ఏడాదంతా నడిస్తే మిగతా రెండూ దాని దరిదాపుల్లోకి రావు. ఎనిమిది నెలలకే ప్రాజెక్టు ఆగితే చేతికొచ్చేది 12.7 లక్షలు, అంటే రెండో ఆఫర్ ఏడాది మొత్తానికి ఇచ్చే ఖాయమైన మొత్తంకన్నా తక్కువ. మిగిలిన నాలుగు నెలల్లో ఎంత త్వరగా ఇంకో ఉద్యోగం దొరుకుతుందన్నదే అక్కడ తేల్చేది. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉన్నవాళ్లకు, ఇంటర్వ్యూలకు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవాళ్లకు ఇది బాగానే ఉంటుంది. కొత్తగా హోమ్‌లోన్ తీసుకున్నవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

పదేళ్లు దాటినవాళ్ల విషయంలో నా అభిప్రాయం ఇంకా గట్టిది. పూల్ ఆఫర్ ఎంత పెద్దదైనా అకౌంట్ పేరు, పొజిషన్ తెలియకుండా ఒప్పుకోవద్దు. ఆ గ్రేడ్‌లో డిమాండ్లు తక్కువ, జీతం ఎక్కువ, బెంచ్ ఖర్చు కంపెనీ కంట్లో ముందు పడేది అక్కడే.

అడిగే తీరు, సరిచూసుకునే తీరు

హెచ్ఆర్‌ను బెంచ్ పాలసీ ఏమిటి అని నేరుగా అడిగితే, మా దగ్గర బెంచ్ ఉండదు అనే జవాబే ఎక్కువగా వస్తుంది. దానికన్నా పనికొచ్చే సమాధానం రాబట్టే ప్రశ్నలున్నాయి. ఈ రిక్విజిషన్ ఏ అకౌంట్ కోసం తెరిచారు? నా బిల్లింగ్ ఏ తేదీకి మొదలవుతుందని అనుకుంటున్నారు? క్లయింట్ రౌండ్ ఉంటే చేరకముందే పూర్తి చేయగలరా? బేస్ లొకేషన్ హైదరాబాద్ అని ఆఫర్ లెటర్‌లో రాస్తారా? ఈ నాలుగూ మెయిల్‌లో అడగండి. ఫోన్‌లో చెప్పిన హామీకి ఆర్ఎంజీ దగ్గర విలువ ఉండదు, ఎందుకంటే మిమ్మల్ని తీసుకునే రిక్రూటర్, మిమ్మల్ని కేటాయించే ఆర్ఎంజీ వేర్వేరు విభాగాలు, ఒకరు ఏం చెప్పారో ఇంకొకరికి తెలియదు.

లోపల పనిచేసే స్నేహితుడు ఉంటే అతణ్ని కంపెనీ ఎలా ఉంది అని అడగడం వల్ల పెద్దగా లాభం లేదు. నా స్కిల్‌కు, నా గ్రేడ్‌కు, హైదరాబాద్‌లో ప్రస్తుతం ఎన్ని ఓపెన్ డిమాండ్లు కనిపిస్తున్నాయి, మీ యూనిట్లో ఈ మధ్య రిలీజైనవాళ్లకు ఎన్ని వారాల్లో పని దొరికింది అని అడగండి. ఒకే కంపెనీలో ఒక యూనిట్లో రెండు వారాలకే పని దొరికితే, ఇంకో యూనిట్లో నాలుగు నెలలు ఖాళీగా ఉండొచ్చు. కంపెనీ మొత్తం యుటిలైజేషన్ అంకె మీకు ఆ తేడా చూపించదు.

ఫ్రెషర్లకు

ఫ్రెషర్‌గా వెళ్లేవాళ్లకు పూల్ ఆఫర్ తప్పదు, దానికి భయపడాల్సిన పని లేదు. వాళ్లు చూడాల్సినవి వేరు. ఒకటి జాయినింగ్ తేదీ. ఇన్ఫోసిస్‌లో 2022 బ్యాచ్‌కు చెందిన కొందరు ఆఫర్ చేతిలో పెట్టుకుని రెండేళ్లు ఎదురుచూశారు. 2023లో విప్రో 6.5 లక్షల ఆఫర్ ఉన్నవాళ్లను 3.5 లక్షలకు చేరతారా అని అడిగింది. కాబట్టి తేదీ లేని ఆఫర్‌ని నమ్ముకుని ఇంకో ఆఫర్‌ని వదులుకోవద్దు. రెండోది ట్రైనింగ్ పరీక్షలు. 2025 ఫిబ్రవరిలో మైసూరులో ఇన్ఫోసిస్ మూడు అవకాశాల్లోనూ అసెస్‌మెంట్ పాస్ కాని మూడు వందల మందికి పైగా ట్రైనీలను పంపించేసింది. ఎన్ని ప్రయత్నాలు ఇస్తారు, ఫెయిలైతే ఏమవుతుంది, మధ్యలో మానేస్తే ట్రైనింగ్ బాండ్ కింద ఎంత కట్టాలి అన్నవి సంతకానికి ముందే చదువుకోవాలి. ట్రైనింగ్ స్ట్రీమ్ మీ చేతిలో ఉండదు. జావా అనుకుని వెళ్తే టెస్టింగో మెయిన్‌ఫ్రేమో వస్తుంది. మొదటి ఏడాది అది ఫర్వాలేదు, బిల్లింగ్ ఉన్న పని అయితే చాలు.

నిష్క్రమణ షరతులు

చివరిగా చదవాల్సినది ఉద్యోగం ముగిసే విధానం గురించిన పేరా. గడువు దాటాక కంపెనీ తనే తొలగిస్తే నోటీస్ కాలానికి జీతం ఇస్తుందా, ఎన్ని రోజులకు? బెంచ్ మీద ఉండగా మీరే రాజీనామా చేస్తే 90 రోజులూ ఉండాలా, లేక ముందే రిలీవ్ చేస్తారా? జాయినింగ్ బోనస్, రీలొకేషన్ డబ్బు తీసుకుంటే, ఏడాదిలోపు వెళ్లిపోయినప్పుడు తిరిగి కట్టాలనే షరతు సాధారణంగా ఉంటుంది. కంపెనీయే పంపించినా అది వర్తిస్తుందా అన్నది స్పష్టంగా రాయించుకోండి. గడువు దగ్గరపడ్డాక, గదిలోకి పిలిచి ఈరోజే రాజీనామా పెట్టమని అడిగే సందర్భాలున్నాయి. అలాంటప్పుడు అక్కడికక్కడే సంతకం చేయకుండా, విషయాన్ని మెయిల్‌లో పంపమనండి, ఒకటి రెండు రోజులు సమయం అడగండి. మీరు రాజీనామా చేసినట్టా, వాళ్లు తీసేసినట్టా అన్నదాని మీదే నోటీస్ జీతం, బోనస్ రికవరీ, రిలీవింగ్ లెటర్‌లోని మాటలు ఆధారపడి ఉంటాయి.